సమీకరణం తుల్యమైనా జవాబు తప్పొచ్చు

మందుల షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా లేబుల్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. ఒకటి 6 శాతం, రెండోది 20 వాల్యూమ్స్. 100 మిల్లీలీటర్ల ద్రావణంలో 6 గ్రాముల పెరాక్సైడ్ ఉందని మొదటి అంకె చెబుతుంది. ఒక లీటరు ద్రావణం పూర్తిగా విడిపోతే దాదాపు 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని రెండోది చెబుతుంది. కానీ మూత తీసి చాలా రోజులైనా, ఎండ తగిలినా ఆ బలం అలాగే ఉంటుందన్న హామీ లేదు. పెరాక్సైడ్ మెల్లగా తనంతట తానే నీరుగా, ఆక్సిజన్‌గా మారిపోతూ ఉంటుంది. సీసాలో ఇప్పుడు ఎంత మిగిలి ఉందో తెలియాలంటే కొలవాల్సిందే.

దానికి ప్రయోగశాలల్లో వాడే పాత పద్ధతి పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవాళ్లకు ఆ ఊదారంగు ద్రావణం గుర్తుండే ఉంటుంది. పద్ధతి తేలికే, లెక్క చిన్నదే. అయినా ఒకే బ్యూరెట్ రీడింగ్ నుంచి 1.2 శాతం, 3.6 శాతం, 6 శాతం, 8.4 శాతం అని నాలుగు రకాల జవాబులు రాబట్టవచ్చు. ఏ జవాబులోనూ కూడికలో, గుణకారంలో పొరపాటు ఉండదు. విచిత్రమేమిటంటే నాలుగింటి వెనకా చక్కగా తుల్యం చేసిన సమీకరణమే ఉంటుంది. వాటిలో నిజమైనది ఒక్కటే. ఏది నిజమో తేల్చుకోకుండా కాలిక్యులేటర్ చూపిన అంకెను నమ్మితే ఏం జరుగుతుందో ఈ ఒక్క ఉదాహరణతోనే చూద్దాం.

రీడింగ్ వరకు

సీసాలోని ద్రావణం నేరుగా టైట్రేట్ చేయడానికి మరీ గాఢంగా ఉంటుంది. అందుకే పిపెట్‌తో 10 మిల్లీలీటర్లు తీసుకుని, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత వరకు స్వేదనజలం పోసి కలుపుతారు. అంటే 25 రెట్లు పలచన చేసినట్టు. ఆ పలచటి ద్రావణంలోంచి మళ్లీ 10 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, దాదాపు అంతే సజల సల్ఫ్యూరికామ్లం పోస్తారు. బ్యూరెట్‌లో 0.02 మోలార్ పర్మాంగనేట్ ఉంటుంది. చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కును తిప్పుతుంటే, ఊదారంగు పడ్డది పడ్డట్టే విరిగిపోతుంది. మొదటి చుక్కలు కాస్త ఆలస్యంగా విరుగుతాయి. చర్యలో మాంగనీస్ అయాన్లు పుట్టాక అవే ఉత్ప్రేరకంగా పనిచేసి వేగం పెంచుతాయి. లేత గులాబీ రంగు అర నిమిషం పాటు పోకుండా నిలిస్తే చర్య ముగిసినట్టే.

ఖర్చయిన పర్మాంగనేట్ 14.1 మిల్లీలీటర్లు అనుకుందాం. దాన్ని మోలారిటీతో గుణిస్తే 14.1 × 0.02 = 0.282 మిల్లీమోల్. ఇక్కడిదాకా వాదన లేదు. ఇది కేవలం కొలత.

ఇప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. 0.282 మిల్లీమోల్ పర్మాంగనేట్ ఎంత పెరాక్సైడ్‌తో చర్య జరిపింది? దీనికి బ్యూరెట్ దగ్గర జవాబు లేదు, కాలిక్యులేటర్ దగ్గరా లేదు. అది మోల్ నిష్పత్తి చెప్పాలి. ఆ నిష్పత్తి సమీకరణంలోంచి రావాలి.

నాలుగు సమీకరణాలు

ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్, పెరాక్సైడ్ కలిస్తే మాంగనీస్ అయాన్, ఆక్సిజన్, నీరు ఏర్పడతాయి. ఇవన్నీ రాసి, రెండు వైపులా పరమాణువులు సరిపోయేలా ముందు అంకెలు వేయమంటే ఒకరు ఇలా వేయవచ్చు:

2MnO₄⁻ + H₂O₂ + 6H⁺ → 2Mn²⁺ + 3O₂ + 4H₂O

సరిచూడండి. మాంగనీస్ ఇటు రెండు, అటు రెండు. హైడ్రోజన్ ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. ఆక్సిజన్ ఇటు పది, అటు పది. ఆవేశం కూడా రెండు వైపులా +4. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంకొకరు ఇలా రాస్తారు:

2MnO₄⁻ + 3H₂O₂ + 6H⁺ → 2Mn²⁺ + 4O₂ + 6H₂O

ఇదీ సరిపోతుంది. మూడోవారు, నాలుగోవారు ఈ కింది రెండూ రాయవచ్చు:

2MnO₄⁻ + 5H₂O₂ + 6H⁺ → 2Mn²⁺ + 5O₂ + 8H₂O

2MnO₄⁻ + 7H₂O₂ + 6H⁺ → 2Mn²⁺ + 6O₂ + 10H₂O

వీటిలోనూ పరమాణువులు, ఆవేశం అన్నీ సరే. కావాలంటే 9, 11 అంటూ ఇంకా ముందుకు పోవచ్చు. ఇప్పుడు ఒక్కో సమీకరణాన్ని నమ్మి లెక్క చేద్దాం. మూడో సమీకరణం ప్రకారం రెండు మోల్‌ల పర్మాంగనేట్‌కు ఐదు మోల్‌ల పెరాక్సైడ్. కాబట్టి 0.282 × 5/2 = 0.705 మిల్లీమోల్. ఇది 10 మిల్లీలీటర్లలో ఉంది కనుక పలచటి ద్రావణం 0.0705 మోలార్. 25 రెట్లు చేస్తే అసలు సీసాలో 1.76 మోలార్. పెరాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 34 కాబట్టి లీటరుకు దాదాపు 60 గ్రాములు, అంటే 6 శాతం.

ఇదే లెక్కలో 5/2 బదులు 1/2 వేస్తే 1.2 శాతం వస్తుంది. 3/2 వేస్తే 3.6 శాతం. 7/2 వేస్తే 8.4 శాతం. మొదటి జవాబు వచ్చినవారు సీసా పాడైపోయిందని పారేస్తారు. చివరి జవాబు వచ్చినవారు కంపెనీ మందు ఎక్కువ గాఢంగా చేసిందని అనుకుంటారు. సీసా మాత్రం ఒక్కటే, రీడింగ్ ఒక్కటే.

తుల్యం చేయడం ఎందుకు చాలదు

ఇలా ఎందుకు జరిగింది? ఈ సమీకరణంలో ఆరు పదార్థాలున్నాయి, అంటే ఆరు తెలియని అంకెలు. వాటిని కట్టడి చేసే షరతులు నాలుగే. మాంగనీస్ సరిపోవాలి, హైడ్రోజన్ సరిపోవాలి, ఆక్సిజన్ సరిపోవాలి, ఆవేశం సరిపోవాలి. అన్నిటినీ రెట్టింపు చేసినా, సగం చేసినా నిష్పత్తి మారదు కాబట్టి ఒక అంకె మనకు స్వేచ్ఛగా వదిలేసినా ఇబ్బంది లేదు. అంటే ఆరు అంకెలకు ఐదు షరతులు ఉంటే చాలు, నిష్పత్తి ఒక్కటే వస్తుంది. ఇక్కడ నాలుగే ఉన్నాయి. అందుకే జవాబులకు అంతు లేకుండా పోయింది.

రసాయనశాస్త్రం వైపు నుంచి చూస్తే కారణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పెరాక్సైడ్ పర్మాంగనేట్ అవసరం లేకుండానే నీరు, ఆక్సిజన్‌గా విడిపోగలదు: 2H₂O₂ → 2H₂O + O₂. ఇదీ తుల్యమైన సమీకరణమే. దీన్ని మూడో సమీకరణానికి కలిపితే నాలుగోది వస్తుంది. మూడో దానిలోంచి తీసేస్తే రెండోది వస్తుంది, మరోసారి తీసేస్తే మొదటిది వస్తుంది. రెండు వేర్వేరు చర్యలు ఒకే సమీకరణంలో కలిసిపోయినా పరమాణువుల లెక్క దాన్ని పట్టుకోలేదు. జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దు సొమ్ము మరో పద్దు కింద రాసినా చివరి మొత్తం సరిపోతుంది కదా, అలాంటిదే ఇది.

అన్ని సమీకరణాలకూ ఈ తిప్పలు ఉండవు. పర్మాంగనేట్ గాఢత కచ్చితంగా తెలుసుకోవడానికి ముందుగా ఆక్సాలిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తారు. అక్కడ ఆక్సలేట్ అయాన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది:

2MnO₄⁻ + 5C₂O₄²⁻ + 16H⁺ → 2Mn²⁺ + 10CO₂ + 8H₂O

ఇక్కడా పదార్థాలు ఆరే. కానీ కార్బన్ వచ్చి చేరడంతో షరతులు ఐదయ్యాయి. కాబట్టి ఓపికగా పరమాణువులు లెక్కపెట్టినవారెవరికైనా 2:5 నిష్పత్తే వస్తుంది. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు తీసుకుంటే 0.02 మోలార్ పర్మాంగనేట్ కూడా సరిగ్గా 10 మిల్లీలీటర్లే పడుతుంది. ఆక్సలేట్ దగ్గర పరమాణువుల లెక్క చాలింది కదా అని పెరాక్సైడ్ దగ్గరా దాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటాం. సమీకరణాన్ని ఆటోమేటిక్‌గా తుల్యం చేసే సాధనమైనా అంతే, దానికి ఇచ్చిన షరతులు చాలకపోతే ఏదో ఒక జవాబు ఎంచుకుంటుంది. అది నిజమైన చర్య అవుతుందో లేదో దానికి తెలియదు.

ఎలక్ట్రాన్లు చెప్పే సాక్ష్యం

మరి మూడో సమీకరణమే నిజమని ఎలా తెలుస్తుంది? ఇక్కడ లేని ఐదో షరతును ఎలక్ట్రాన్లు ఇస్తాయి. ఇది ఒకటి ఎలక్ట్రాన్లు ఇచ్చి, మరొకటి పుచ్చుకునే చర్య. ఇచ్చినవీ పుచ్చుకున్నవీ సమానం కావాలి. అంతకుమించి, ఎవరు ఇచ్చారో కూడా సరిగ్గా ఉండాలి.

పర్మాంగనేట్‌లో మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7. చర్య తర్వాత అది +2. అంటే ఒక్కో మాంగనీస్ ఐదు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంది. పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ సంఖ్య −1, ఆక్సిజన్ వాయువులో సున్నా. ఒక అణువులో రెండు ఆక్సిజన్లు ఉన్నాయి కనుక ఒక్కో పెరాక్సైడ్ అణువు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఐదు పుచ్చుకునేదానికి, రెండు ఇచ్చేదానికి లెక్క కుదరాలంటే పది దగ్గర కలవాలి. రెండు పర్మాంగనేట్‌లు పది పుచ్చుకుంటాయి, ఐదు పెరాక్సైడ్‌లు పది ఇస్తాయి. 2:5 నిష్పత్తి ఇలా స్థిరపడుతుంది.

ఈ దృష్టితో మొదటి సమీకరణాన్ని మళ్లీ చూడండి. మాంగనీస్‌లకు పది ఎలక్ట్రాన్లు కావాలి. ఉన్న ఒకే ఒక్క పెరాక్సైడ్ రెండే ఇవ్వగలదు. మిగతా ఎనిమిది ఎక్కడివి? కుడివైపు మూడు O₂ అణువుల్లో ఆరు ఆక్సిజన్ పరమాణువులున్నాయి. పెరాక్సైడ్ నుంచి వచ్చేవి రెండే. మిగతా నాలుగూ పర్మాంగనేట్‌లోంచో నీటిలోంచో వచ్చి ఆక్సీకరణం చెందాలి. మనం చేస్తున్న టైట్రేషన్‌లో అలా జరగదు. నాలుగో సమీకరణంలో సమస్య మరో రకం. అక్కడ ఏడు పెరాక్సైడ్‌లలో ఐదే పర్మాంగనేట్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చాయి. మిగతా రెండూ వాటిలో అవే విడిపోయాయి. వాటికీ బ్యూరెట్‌కూ సంబంధమే లేదు. అలాంటప్పుడు వాటిని లెక్కలో ఎలా చేరుస్తాం?

ఒక్క చూపులో సరిచూసుకునే గుర్తు కూడా ఇక్కడే దొరుకుతుంది. నిజమైన సమీకరణంలో పెరాక్సైడ్ ఎన్ని అణువులో O₂ కూడా అన్నే అణువులు. ఐదుకు ఐదు. ఒకటికి మూడు, మూడుకు నాలుగు, ఏడుకు ఆరు కనిపిస్తే అనుమానించాలి.

రెండు n ల గందరగోళం

సమీకరణం సరిగ్గా రాసి, నిష్పత్తిని తిరగేసేవారూ ఉన్నారు. దీనికి మూలం చాలామంది గుర్తుపెట్టుకునే రెండు సూత్రాల్లో ఉంది. రెండింటిలోనూ n అనే అక్షరమే కనిపిస్తుంది:

M₁V₁/n₁ = M₂V₂/n₂

M₁V₁n₁ = M₂V₂n₂

మొదటి సూత్రంలో n అంటే సమీకరణంలో ఆ పదార్థం ముందున్న అంకె. పర్మాంగనేట్‌కు 2, పెరాక్సైడ్‌కు 5. రెండో సూత్రంలో n అంటే ఒక్కో అణువు ఇచ్చిపుచ్చుకునే ఎలక్ట్రాన్ల సంఖ్య. పర్మాంగనేట్‌కు 5, పెరాక్సైడ్‌కు 2. ఒకచోట భాగించాలి, ఇంకోచోట గుణించాలి. ఏ సూత్రానికి ఏ n అన్నది సరిగ్గా పెడితే రెండూ 6 శాతమే ఇస్తాయి. మొదటి సూత్రంలో రెండో రకం అంకెలు వేస్తే నిష్పత్తి తలకిందులై 5/2 కాస్తా 2/5 అవుతుంది. జవాబు 6 శాతం నుంచి ఒక్కసారిగా 0.96 శాతానికి పడిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి ఇలా టైప్ చేస్తే ఆ తర్వాత దానిలో నింపిన ప్రతి రీడింగూ అదే తప్పుతో బయటికి వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి సూత్రం అవసరం లేదు. ఒక్కో పర్మాంగనేట్‌కు రెండున్నర పెరాక్సైడ్‌లు కావాలి కాబట్టి పెరాక్సైడ్ మిల్లీమోల్‌ల అంకె పర్మాంగనేట్ అంకె కంటే పెద్దదిగానే ఉండాలి. 0.282 నుంచి మొదలుపెట్టి 0.113కి చేరామంటే ఎక్కడో తిరగబడింది. అందుకే లెక్కను ఒకే వరుసలో కుదించకుండా, మిల్లీమోల్‌ల దగ్గర ఒకసారి ఆగి చూడటం మంచిది. నేరుగా శాతానికి దూకితే ఈ తప్పు కంటికి కనబడదు.

ఫ్లాస్కులో నిజంగా అదే జరిగిందా

ఇంతసేపూ మాంగనీస్ +2 దగ్గర ఆగుతుందని ధీమాగా చెప్పుకున్నాం. అది ఆమ్లం తగినంత ఉన్నప్పుడు మాత్రమే నిజం. ఆమ్లం చాలకపోతే మాంగనీస్ +4 దగ్గరే ఆగిపోయి మాంగనీస్ డయాక్సైడ్‌గా మారుతుంది. అప్పుడు ఒక్కో పర్మాంగనేట్ పుచ్చుకునేవి మూడు ఎలక్ట్రాన్లే. నిష్పత్తి 2:5 కాదు, 2:3 అవుతుంది. కాగితం మీద సమీకరణం ఎంత సరిగ్గా ఉన్నా ఫ్లాస్కులో జరిగే చర్య వేరైతే అది పనికిరాదు.

అదృష్టవశాత్తు దీన్ని కళ్లతోనే కనిపెట్టవచ్చు. గోధుమరంగు మడ్డి కనిపించిందంటే మాంగనీస్ డయాక్సైడ్ పుట్టినట్టే. ఒకవైపు పర్మాంగనేట్ అదనంగా ఖర్చవుతుంది. ఇంకోవైపు ఆ మడ్డే పెరాక్సైడ్‌ను విడగొట్టి వృథా చేస్తుంది. రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో లాగుతాయి కాబట్టి రీడింగ్‌ను ఏ సవరణతోనూ కాపాడలేం. ఆ ఫ్లాస్కు పారబోసి, ఆమ్లం ఎక్కువ పోసి మళ్లీ చేయాల్సిందే. మన లెక్క ప్రకారం 0.282 మిల్లీమోల్ పర్మాంగనేట్‌కు కావాల్సిన H⁺ ఒక మిల్లీమోల్ కూడా లేదు. ఒక మోలార్ సల్ఫ్యూరికామ్లం 10 మిల్లీలీటర్లు పోస్తే దానికి పది రెట్లు మించి ఉంటుంది. అంత ఎక్కువగా పోయడం ఇందుకే.

ఏ ఆమ్లమైనా పనికొస్తుందా అంటే రాదు. హైడ్రోక్లోరికామ్లం పోస్తే దానిలోని క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ను తినేస్తుంది. నత్రికామ్లం స్వయంగా ఆక్సీకరణి. అమ్మకానికి వచ్చే పెరాక్సైడ్‌లో నిల్వ కోసం కలిపిన కర్బన పదార్థాలుంటే అవి కూడా కొంత పర్మాంగనేట్‌ను ఖర్చుపెట్టి జవాబును పైకి నెడతాయి. అలాంటి చోట అయోడిన్ విడుదలయ్యే మరో టైట్రేషన్‌ను ఆశ్రయిస్తారు. బ్యూరెట్‌లోంచి దిగిన ప్రతి చుక్కా పెరాక్సైడ్ కోసమే ఖర్చయిందని నమ్మగలిగినప్పుడే 2:5కి అర్థం ఉంటుంది.

మరో దారిన వచ్చి చూడటం

ఇన్ని సరిచూసుకున్నాక కూడా ఒక పరీక్ష మిగులుతుంది. అదే నిష్పత్తితో అదే లెక్క మళ్లీ చేస్తే అదే జవాబు వస్తుంది, కొత్తగా తెలిసేది ఉండదు. 2:5తో ఏ సంబంధమూ లేని దారి కావాలి. లేబుల్ మీది 20 వాల్యూమ్స్ అనే అంకె ఆ దారి చూపిస్తుంది. అది పెరాక్సైడ్ విడిపోయే చర్య నుంచి వచ్చింది. అక్కడి నిష్పత్తి రెండు పెరాక్సైడ్‌లకు ఒక ఆక్సిజన్.

సీసాలోంచి 2 మిల్లీలీటర్లు తీసుకుని, చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ గానీ ఈస్ట్ గానీ కలిపి, వచ్చే వాయువును నీటి మీద బోర్లించిన కొలజాడీలో పట్టాలి. 6 శాతం నిజమైతే సున్నా డిగ్రీల వద్ద 40 మిల్లీలీటర్లు రావాలి. మన గదుల్లో 30 డిగ్రీల వేడి, నీటి ఆవిరి కలిపి చూసుకుంటే 45 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. బల 3.6 శాతమే అయితే 27 చుట్టుపక్కల ఆగిపోతుంది. 1.2 అయితే 9 దగ్గరే. 8.4 అయితే 60 దాటుతుంది.

ఈ పరీక్ష మొరటుది. వాయువు కొంత తప్పించుకుంటుంది, కొంత నీటిలో కరుగుతుంది, పది శాతం తేడా మామూలే. అయినా సరిపోతుంది. ఎందుకంటే నిష్పత్తి తప్పితే జవాబు కొద్దిగా జరగదు, రెండింతలో ఐదింతలో పక్కకు పోతుంది. రీడింగ్‌లో ఒక చుక్క ఎక్కువైతే జవాబు మారేది అర శాతం కూడా ఉండదు. దశాంశాల మీద పెట్టే శ్రద్ధలో కొంత నిష్పత్తి మీద పెట్టాలనడానికి కారణం ఇదే.

కాబట్టి ఎవరైనా ఇలాంటి ఫలితాన్ని చేతికిస్తే, శాతం అంకె కంటే ముందు మూడు సంగతులు అడగాలి. మాంగనీస్ ఏ స్థితి దగ్గర ఆగింది, ఫ్లాస్కు చివరిదాకా తేటగా ఉందా? ఒక మోల్ పర్మాంగనేట్‌కు ఎన్ని మోల్‌ల పెరాక్సైడ్ అని లెక్కించారు, దాన్ని ఎలక్ట్రాన్లతో సరిచూశారా? ఆ నిష్పత్తి వాడని మరో కొలత ఏమంటోంది? రికార్డు పుస్తకంలో రీడింగ్ పక్కనే "ఆమ్లంలో, Mn²⁺ వరకు, 1 మోల్ KMnO₄కి 2.5 మోల్‌ల H₂O₂" అని ఒక వరుస రాసి ఉంటే, లెక్క చేసినవారు ఎదురుగా లేకపోయినా ఆ జవాబును ఎవరైనా మొదటి నుంచి సరిచూడగలరు.